లెక్కలక్క తీసేసిన నాలుగో పిల్లర్

మా వీధిలో ఆమెను అందరూ లెక్కలక్క అంటారు. "ఎంతసేపట్లో వస్తావక్కా?" అని అడిగితే "పదకొండు నిమిషాలు" అంటుంది. "పది అంటే నీ సొమ్మేం పోయింది?" అంటే "పది కాదుగా" అంటుంది. వదిన కూరలో ఉప్పు కూడా పలుకులు లెక్కపెట్టి వేస్తుందని ఆమె మరదలు నవ్వుతుంది. ఇన్నేళ్ళ పరిచయంలో ఆమె నోట "సుమారు" అన్న మాట నేను వినలేదు.

పెద్ద ఆడిటాఫీసులో పంతొమ్మిదేళ్ళు పనిచేసింది. ఒకరోజు ఎవరో వేసిన లెక్క కింద కళ్ళు మూసుకుని సంతకం పెట్టమన్నారు. ఆమె కళ్ళు తెరుచుకునే బయటికి వచ్చేసింది. మందుల షాపు పైన ఒక గది తీసుకుని, ఒక బల్ల, రెండు ఇనుప అలమారలు పెట్టుకుంది. ఆ గది మెట్లెక్కిన మొదటి మనిషి బైండింగు బాబాయ్.

ఆయన పుస్తకాలు కుట్టే మనిషి. చిన్న షాపు, ఒక కోత మిషను, గోళ్ళ సందున ఎప్పుడూ ఎండిపోయిన జిగురు. "కొత్తగా పెట్టావు కదమ్మా, అట్టలు ఊడిపోయే ఫైళ్ళు పెట్టుకుంటే ఎవరు నమ్ముతారు?" అంటూ ఆమె ఫైళ్ళన్నిటికీ నీలం గుడ్డ వీపులు కుట్టిపెట్టాడు. ఆమె దగ్గరున్న తన షాపు లెక్కల ఫైలుకి కూడా. ఇప్పటికీ ఆ అలమార చూస్తే లైబ్రరీలా ఉంటుంది.

మూడేళ్ళ కిందట ఆయన ఖాళీ జిగురు డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల పన్నుల ఆఫీసు నుంచి వచ్చిన కవర్లు. పద్నాలుగు. ఒక్కటీ చింపలేదు.

"ఏమిటి బాబాయ్ ఇవి?"

"భయమేసిందమ్మా. తెరిస్తే ఏమవుతుందో అని తెరవలేదు."

ఆమె ఒక్కొక్కటే తెరిచింది. మొదటిదాంట్లో అడిగింది ఒకే ఒక్క ఫారం. ముప్ఫై రోజుల్లో పంపి ఉంటే అక్కడితో కథ కంచికి. పద్నాలుగోది వచ్చేసరికి షాపు రిజిస్ట్రేషన్ రద్దయింది. మళ్ళీ తెరిపించే దారి ఉందని ఆమె చెప్పింది కానీ ఆయనకి ఓపిక అయిపోయింది. ఒక బుధవారం, పంతొమ్మిదో తారీఖున షట్టరు దించేశాడు.

"కళ్ళు కనపడక మూసేశానని ఇంట్లో చెప్తాను. నువ్వు కూడా ఎవరితోనూ అనకు తల్లీ."

"అనను బాబాయ్," అంది.

ఇది జరిగాక రెండేళ్ళకి ఆమెకి కష్టకాలం వచ్చింది. చేతి పని చూసి ఒకరికొకరు చెప్పుకునే రోజులు తగ్గాయి. అకౌంటెంట్ కావాలంటే జనం ముందు ఫోనులో వెతుకుతున్నారు. అందులో ఆమె ఎక్కడా లేదు. వచ్చే పనితో గది అద్దె నిలబడుతుందా లేదా అన్నంత దాకా వచ్చింది. అప్పుడు మరదలు రంగంలోకి దిగింది. ఆ అమ్మాయి షాపులవాళ్ళకి, డాక్టర్లకి వీడియోలు, పోస్టులు చేసిపెట్టే పనిలో ఉంది.

"నోటికొచ్చినట్టు రోజుకొకటి మాట్లాడితే కుదరదు వదినా. ముందు పిల్లర్లు ఎంచుకోవాలి."

"ఇల్లు కడుతున్నామా?"

"అలాంటిదే. మూడో నాలుగో విషయాలు. నువ్వేం మాట్లాడినా వాటిలో ఒకదాని కిందికే రావాలి. ఆర్నెల్లు చూసేసరికి, ఈవిడ ఫలానా సంగతి చెప్పే మనిషి అని జనానికి గుర్తుండిపోవాలి."

లెక్కలక్కకి ఈ మాట నచ్చింది, ఖాతాకి పద్దులు ఉన్నట్టే కదా అని. రెండేళ్ళుగా క్లయింట్లు ఫోనులో అడిగిన ప్రశ్నలన్నీ చీటీల మీద రాసింది. నూట నలభై మూడు చీటీలు. వదినా మరదళ్ళు గది నేల మీద కూర్చుని, ఒకలాంటివన్నీ ఒక కుప్పగా వేశారు. "ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, ఏం చెయ్యాలి?" అన్నవే యాభై ఒకటి. షాపు ఖర్చు, ఇంటి ఖర్చు కలిసిపోయాయన్నవి ముప్ఫై ఎనిమిది. గడువు తేదీలవి ఇరవై తొమ్మిది. మిగిలినవి ఏ కుప్పలోనూ ఇమడలేదు.

మరదలు ప్రతి కుప్ప మీదా వేలు పెట్టి అడిగేది. "దీని మీద ఇరవైసార్లు మాట్లాడగలవా? ఇది విని నీకు ఫోన్ చేస్తే, ఆ పని చెయ్యడం నీకు ఇష్టమేనా? నీకు ఒక్క పైసా ఇవ్వకుండానే వాళ్ళకి ఏదైనా పనికొస్తుందా?" మూడు కుప్పలూ ఆ పరీక్ష నెగ్గాయి. ఉత్తరాలు, ఇల్లూ షాపూ వేరుచెయ్యడం, తేదీలు. పది వీడియోలు చేస్తే వాటికి వరసగా నాలుగు, మూడు, రెండు.

"మరి పదోది?"

"కథలు," అంది మరదలు. "నీ దగ్గరికొచ్చినవాళ్ళ కథలు. జనం రూల్సుని చూసి నమ్మరు వదినా, మనుషుల్ని చూసి నమ్ముతారు."

"వాళ్ళ సంగతులు నేనెలా చెప్తాను? కడుపులో పెట్టుకుంటానని కదా నా దగ్గరికొచ్చింది!"

"పేర్లు మార్చు. పని మార్చు. మగాణ్ణి ఆడమనిషిని చెయ్. ఎవరు కనిపెడతారు?"

ఆ పూట ఒప్పుకోలేదు. మూడు పిల్లర్లతోనే మొదలుపెట్టారు. తేదీల వీడియో రెండువందల పన్నెండు మంది చూశారు. ఇల్లూ షాపూ వీడియో నూట డెబ్భై. రెండు నెలలు గడిచినా ఒక్క ఫోనూ రాలేదు. మరదలు ఉండుండి క్లయింట్ల ఫైళ్ళ వైపు చూసేది. ఆ చూపు భరించలేక ఒకరోజు లెక్కలక్కే అంది, "సరే, ఒక్కటి చేద్దాం."

బాబాయ్ కథ పూలకొట్టు నడిపే ఒకావిడ కథ అయింది. జిగురు డబ్బా పూలబుట్ట అయింది. కథ రాసి చదివి వినిపిస్తే మరదలు ఒక్కచోట ఆపింది.

"పద్నాలుగు కవర్లెందుకు? పది అను. వినడానికి తేలిగ్గా ఉంటుంది."

"పద్నాలుగే."

"కథే కదా వదినా!"

"కథైతే మాత్రం? పద్నాలుగుని పది అని నా నోటితో నేనెలా అంటాను?"

మనిషిని మార్చింది, బుట్టని మార్చింది. బుధవారం, పంతొమ్మిదో తారీఖు, పద్నాలుగు కవర్లు మాత్రం అలాగే ఉంచింది. తప్పు అంకె చెప్పడానికి ఆమె నాలుక తిరగలేదు. ఆయన్ని ఒక్క మాట అడుగుదామన్న ఆలోచన మాత్రం రాలేదు. అన్నీ మార్చేశాక ఇంక అడిగేదేముంది అనుకుంది.

నలభైవేల మంది చూశారు. వారంలో ఆరు ఫోన్లు, రెండు కొత్త ఫైళ్ళు. గది అద్దె గండం గడిచింది. మరదలు మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చి, "చూశావా! నాలుగో పిల్లరే ఇల్లు నిలబెట్టింది" అని ఆమె భుజాలు పట్టుకుని ఊపేసింది.

పదో రోజున బాబాయ్ వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నా ఫైలు ఇస్తావా అమ్మా?"

ఆమెకి అర్థమైపోయింది. "బాబాయ్, పేరు చెప్పలేదు... ఆడమనిషి అన్నాను... పూలకొట్టు అన్నాను..."

"అన్నీ మార్చావు తల్లీ. లెక్క ఒక్కటే మార్చలేదు. నువ్వు మార్చవని నాకు తెలుసు. మీ పిన్నికీ తెలుసు."

అప్పుడు చెప్పాడు. కాగితం పారేసే అలవాటు లేని మనిషి కదా, తెరిచిన ఆ పద్నాలుగు కవర్లని లోపలి వైపు బయటికి తిప్పి, మడిచి, చిన్న పుస్తకంగా కుట్టాడు. ఎవరో పారేసిన కవర్లని చెప్పి భార్యకి ఇచ్చాడు. కళ్ళు కనపడటం లేదన్న మొగుడికి ఆవిడ రోజూ చుక్కల మందు వేస్తూ, ఏ పూట వేసిందో అందులో గీత పెట్టుకునేది. మొదటి పేజీలో ఆయన షాపు మూసిన తేదీ ఆవిడ చేత్తోనే రాసుకుంది. పంతొమ్మిది, బుధవారం. పక్కింటావిడ ఫోనులో ఈ వీడియో చూపిస్తే, ఆవిడ లోపలికి వెళ్ళి, ఆ పుస్తకం కుట్టు విప్పి కవర్లు లెక్కపెట్టింది. ఒకదాన్ని తిరగేసి, పన్నుల ఆఫీసు ముద్ర, షాపు పేరు చూసింది.

"నా కళ్ళకేం రోగం లేదమ్మా. ఆ చుక్కలు ఉత్త నీళ్ళలాంటివే, కింద షాపులో అడిగి తెచ్చుకున్నా. రెండేళ్ళ పైనే వేసింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. తల ఒళ్ళో పెట్టుకుని, 'కదలకండి, చిన్నపిల్లాడికన్నా అన్యాయం మీరు' అని కసిరేది. నలభయ్యేళ్ళ కాపురంలో మేమిద్దరం కబుర్లు చెప్పుకున్నది ఆ రెండు పూటలే. ఎప్పటికప్పుడు చెబుదామనుకునేవాణ్ణి. చెబితే ఆ ఒళ్ళు పోతుందని చెప్పలేదు."

"పిన్ని తిట్టిందా?"

"తిడితే బాగుండేది. సీసా తీసి అలమార మీద పెట్టేసింది."

లెక్కలక్క ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. "నువ్వు అబద్ధం చెప్పలేదమ్మా. నేనే చెప్పాను." ఫైలు తీసుకుని, నీలం గుడ్డ వీపు మీద ఒకసారి వేలితో రాసి, మెట్లు దిగిపోయాడు. కళ్ళు బాగానే కనిపించే మనిషి గోడ పట్టుకుని దిగాడు.

లెక్కలక్క ఆ వీడియో అప్పుడే తీసేసింది. చూసినవాళ్ళ కళ్ళలోంచి తియ్యలేదు కదా. పిల్లర్ల పేర్లు రాసి గోడకి అంటించుకున్న అట్టముక్కల్లో నాలుగోది చించేస్తుంటే మరదలు ఏడ్చింది.

"నాదే తప్పు వదినా. నేనే ఎగదోశాను."

"నువ్వు పది అనమన్నావు. విని ఉంటే సరిపోయేదేమో," అంది. చించిన ముక్కలు చెత్తబుట్టలో వేస్తూ, "లేదు. పది అన్నా తప్పే. అది నాది కాదు చెప్పడానికి" అంది.

అప్పటినుంచి పాత మూడు ప్రశ్నలకి ముందు ఇంకో ప్రశ్న చేరింది. ఇది చెప్పాలంటే ఎవరినైనా అడగాలా? అడగాల్సినదైతే ఆమె చెప్పదు. చూసేవాళ్ళు తగ్గిపోతారని మరదలు గొణిగితే, "తగ్గనీ" అంది.

ఇప్పుడు ఉత్తరాల పిల్లరే ముందు నిలబడింది. మొన్న ఒక వీడియోలో ఉత్త కవరు ఒకటి పట్టుకుని, కెమెరా ముందే చించింది. ముందు తారీఖు చూడండి. తర్వాత ఏం అడిగారో చూడండి. ఆ తర్వాత జవాబుకి ఆఖరి రోజు ఏదో చూసి, తెలిసిన అకౌంటెంట్ దగ్గరికి వెళ్ళండి, నా దగ్గరికే రానక్కర్లేదు. ఎవరి కథా లేదు. మూడువందల మంది చూశారు. తెరిస్తే ఏమవుతుందమ్మా అని మొట్టమొదట అడిగిన మనిషికి మూడేళ్ళ తర్వాత ఇచ్చిన జవాబు అది. ఆయన చూడలేదు.

ఒకసారి బాబాయ్ వాళ్ళింటికి వెళ్ళింది. పిన్ని తలుపు తీసి, మంచినీళ్ళు ఇచ్చింది. ఆయన లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కాళ్ళ మీద పడబోతే పిన్ని పట్టుకుంది.

"షాపు పోయిందని నాకు బాధ లేదే పిల్లా. ఆ మాట ఆయన నాకు చెప్పాల్సింది. ఎప్పటికైనా చెప్పేవాడేమో కూడా. నువ్వు ముందే చెప్పేశావు. ఇంక ఆయనకి చెప్పడానికేం మిగిలింది?"

ఈ సంగతంతా ఆమె నాకు ఆ గదిలోనే చెప్పింది. అలమారలో నీలం వీపుల మధ్య ఒక ఫైలంత సందు అలాగే ఉంది. పక్క ఫైళ్ళు అటు ఒరగకుండా చెక్కముక్క పెట్టింది. బాబాయ్ వచ్చి ఎన్నాళ్ళయిందని అడిగాను. రోజులు, పూటలు కూడా చెప్తుందనుకున్నాను.

ఆ సందు వైపు చూసింది.

"చాలా రోజులైంది," అంది.