మా ఆయన రెండు నిమిషాల నిజాయితీ

మా ఆయన మెడికల్ రెప్. ఇంట్లో వాగుడుకాయ. డాక్టరమ్మ దగ్గర మాత్రం రెండు నిమిషాలిస్తే రెండే.

“ఈ కొత్త బీపీ మాత్ర పాతదానికంటే గొప్పదా?” అని ఆవిడ అడిగిందట.

“బీపీ తగ్గించడంలో రెండూ ఒకటే మేడమ్. దీంతో పొడిదగ్గు తక్కువ. గర్భిణులకు మాత్రం వద్దు. పరీక్షల ఫలితాలు ఇవిగో,” అని లేచాడట.

“ఉండవయ్యా, ఇంకా చెప్పు!”

“బయట పేషెంట్లున్నారు మేడమ్. మళ్ళీ వస్తా.”

అది విని మురిసిపోయి, బుద్ధి లేక మా అత్తగారి ముందే నేనూ అడిగాను: “మీ అమ్మ వంటకంటే నా వంట గొప్పదా?”

“రుచిలో రెండూ ఒకటే. నీ వంటతో గుండెమంట తక్కువ. పిల్లలకు మాత్రం వద్దు.”

ఏనాడూ పొసగని అత్తా కోడళ్ళం మొదటిసారి ఒక్కమాట మీదకొచ్చాం. రేపట్నుంచి వంట ఆయనదే.