పేజీలో కనబడని పర్మిట్

నా ఉద్యోగ జీవితంలో నేను కుళ్లుకున్నది ఒకే ఒక్క మనిషిని చూసి. ఆ అమ్మాయికి అప్పుడు ఇరవై నాలుగేళ్లు, నాకు నలభై ఆరు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెప్పకపోతే ఆ సిగ్గు తీరేలా లేదు.

దేవసూగూరు దగ్గర కరెంటు ప్లాంటులో కంప్యూటర్ విభాగం నాది. నాది అనడం అలవాటైపోయింది కానీ అక్కడ ఉన్నవి మూడు టేబుళ్లు, ఒక కూలర్, బొగ్గు పొడి పట్టిన కిటికీ. అక్కడ కూర్చుని నేను రాసిన వాటన్నిటిలోకీ నాకు ముద్దైనది పర్మిట్ల పేజీ. ప్లాంటులో ఏ మోటారు విప్పాలన్నా, ఏ బొగ్గు బెల్టు మీదికి ఎక్కాలన్నా ముందు కంట్రోల్ రూములో పర్మిట్ తీసుకోవాలి. వాళ్లు ఆ మోటారుకు కరెంటు ఆపి, స్విచ్చికి ఎర్ర ట్యాగు కడతారు. పర్మిట్ తిరిగి ఇచ్చేదాకా ఆ స్విచ్చి జోలికి ఎవరూ పోకూడదు. పూర్వం ఇదంతా రెండు చేతులతో ఎత్తాల్సినంత లావు రిజిస్టర్లో ఉండేది. దాన్ని నేను కంప్యూటర్లోకి తెచ్చాను. ఒక్కో పర్మిట్‌కు ఒక్కో వరుస, అందులో యంత్రం పేరు, కట్టిన ట్యాగుల నంబర్లు.

మధ్యాహ్నం రెండు గంటలకు షిఫ్టు మారేటప్పుడు చూడాలి. దిగిపోయే ఇన్‌ఛార్జి తన జేబు పుస్తకంలోంచి ఒక్కో పర్మిట్ నంబరు చదువుతాడు. ఎక్కే ఇన్‌ఛార్జి పేజీ చూసి, "ఉంది" అంటాడు. మళ్లీ నంబరు, మళ్లీ "ఉంది". ఆ మాట విన్నప్పుడల్లా అది నన్నే మెచ్చుకుంటున్నట్టు నాకు లోపల హాయిగా ఉండేది.

ఆ ఏడాది ఒక యూనిట్‌ను మరమ్మతుకు ఆపారు. మామూలు రోజుల్లో పదీ పదిహేను ఉండే పర్మిట్లు నూట నలభైకి చేరాయి. పేజీ తెరుచుకోవడానికి అర నిమిషం పట్టడం మొదలైంది. షిఫ్టు మారే వేళ నలుగురైదుగురు ఒకేసారి తెరిస్తే ఇంకా ఎక్కువ.

మధ్యాహ్నం షిఫ్టుకు వచ్చే ఇన్‌ఛార్జి దేవసూగూరు మనిషే. నాకంటే పదేళ్లు పెద్ద, మొహమాటం లేని నోరు. "ఏంది సార్ గిది? చాయ్ తాగొచ్చినా గూడ నీ పేజీ తెరుసుకుంటలేదు" అన్నాడు.

"నెట్‌వర్క్ సార్. డేటాబేస్ ఉన్నది ఆఫీసు బిల్డింగులో, మధ్యలో పాత లైను. కొత్త సర్వర్ కావాలని రాశాను."

"సర్వరొచ్చేదాంక మోటర్లు ఆగుతయా? సోమారం దాంక సూస్త. గప్పటికి గిట్లనే ఉంటే మల్ల రిజిస్టర్ తెప్పిస్త. నీ పేజీ నువ్వే సూస్కో."

ఆ మాటతో నాకు అన్నం సహించలేదు. ఎనిమిదేళ్లు నన్ను పది మందిలో నిలబెట్టింది ఆ పేజీ. అది పోతే నేను ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే లాగడానికి పిలిచే మనిషిని.

ఆ అమ్మాయి చేరి అప్పటికి నెల. సింధనూరు దగ్గర ఒక క్యాంపులో వరి పండించే ఇంటి పిల్ల. వాళ్ల తాతలు కాలవ నీళ్ల కోసం కోస్తా నుంచి వచ్చినవాళ్లట, మాట మాత్రం ఇప్పటికీ అక్కడిదే. మొదటి రోజు కంట్రోల్ రూమంతా తిప్పి, పర్మిట్ అంటే ఏమిటో, ట్యాగు అంటే ఏమిటో గంటసేపు నేనే పాఠం చెప్పాను. నోటు పుస్తకంలో రాసుకుంది. అప్పుడు ముచ్చటేసింది కూడా.

శుక్రవారం ఉదయం నా టేబులు దగ్గరికి వచ్చింది. "సార్, ఒకసారి ఇలా వస్తారాండీ? లైను బాగానే ఉందండీ. మన పేజీయే ఎక్కువసార్లు అడుగుతోంది."

ఆమె చేసిందల్లా డేటాబేస్‌కు వెళ్లే ప్రతి ప్రశ్నా తెర మీద పడేలా పెట్టడమే. నా ముందే పేజీ ఒక్కసారి తెరిచింది. మొదట ఒక ప్రశ్న పడింది, తెరిచి ఉన్న పర్మిట్లన్నీ ఇవ్వమని. అక్కడితో ఆగలేదు. మొదటి పర్మిట్ యంత్రం పేరేమిటని ఒకటి, దాని ట్యాగులేమిటని ఒకటి. రెండో పర్మిట్‌కు మళ్లీ ఆ రెండే. మూడో దానికి మళ్లీ. అక్షరం తేడా లేని వాక్యాలు, చివర నంబరు ఒక్కటే మారుతూ తెర కిందికి జారిపోతూనే ఉన్నాయి.

"రెండు వందల ఎనభై ఒకటండీ" అంది. "ఒక్కొక్కటి సెకనులో పదో వంతే. కానీ ఒకటి వెళ్లి జవాబు తెచ్చేదాకా ఇంకొకటి బయల్దేరదు కదండీ."

ఒక్కో పర్మిట్‌కూ అదే పని తిరిగి తిరిగి చేయించేలా నేను రాసిన లూపు నాకు గుర్తుంది. వరుస గీస్తూ, యంత్రం పేరు కావాలంటే అప్పటికప్పుడు అడుగుతుంది, ట్యాగులు కావాలంటే అప్పటికప్పుడు అడుగుతుంది. చదవడానికి ఎంతో శుభ్రంగా ఉండే కోడ్. నేను పరీక్షించింది పది పర్మిట్లతో, అదీ డేటాబేస్ నా టేబులు మీద ఉన్న కంప్యూటర్లోనే ఉండగా. ఇరవై ఒక్క ప్రశ్నలు రెప్పపాటులో అయిపోయాయి. స్టోర్స్ కిటికీ దగ్గరికి నూట నలభై నట్లకు నూట నలభై చిట్టీలతో నూట నలభై సార్లు నడిచేవాణ్ని చూసి మనం నవ్వుతాం. ఎనిమిదేళ్లుగా నా పేజీ చేస్తున్నది అదే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను లైనును తిట్టాను.

ఆమె మార్చింది కోడ్‌లో ఒక్క వరుస. పర్మిట్లు తెచ్చేటప్పుడే వాటి యంత్రాలనూ ట్యాగులనూ కూడా ముందే తెచ్చుకోమని చెప్పింది. ఇప్పుడు మొదటి ప్రశ్న పర్మిట్లన్నీ తెస్తుంది. రెండోది, ఫలానా ఫలానా నంబర్ల యంత్రాలన్నీ ఒకే చిట్టీ మీద అడుగుతుంది. మూడోది ట్యాగులన్నీ అలాగే. ఏ ట్యాగు ఏ పర్మిట్‌దో జత కలిపే పని ఇక్కడే, మన వైపే జరిగిపోతుంది. మూడే ప్రశ్నలు. పేజీ సెకను లోపల తెరుచుకుంది.

ఆ మధ్యాహ్నం ఇన్‌ఛార్జి పేజీ తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. "అరె వా! ఎవరు జేసిండ్రు?"

నేను నోరు తెరిచేలోపే పక్కనున్న ఆపరేటర్ ఆమెను చూపించాడు. "శభాష్ బిడ్డా" అన్నాడు ఇన్‌ఛార్జి. ఎనిమిదేళ్లలో నన్ను ఒక్కసారైనా శభాష్ అన్నాడా? గుర్తు చేసుకుంటూ మెట్లు దిగాను. అనలేదు.

కడుపు మంట అంటారే, అది ఊరికే అన్న మాట కాదు. ఇంటికి పోయినా తగ్గలేదు. పిల్ల కాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అనుకున్నాను. పుస్తకాల్లో చదివింది, అంతే అనుకున్నాను. మా విభాగంలో మార్పుల పుస్తకం ఒకటుంది. ఏం మార్చాం, ఎవరు మార్చారు, ఎందుకు అని రాయాలి. ఆమె మార్పును నేనే రాశాను. ఎవరు అన్న చోట 'విభాగం' అని రాశాను. అంత నీచం ఇంకెప్పుడూ చేయలేదు.

శనివారం పట్టుదలగా కూర్చున్నాను. మూడు ప్రశ్నలెందుకు? పర్మిట్లు, యంత్రాలు, ట్యాగులు, మూడు పట్టికలనూ ఒకే ప్రశ్నలో జాయిన్ చేస్తే ఒక్కటే చాలు కదా. రాశాను. ఐదు ట్యాగులున్న పర్మిట్ ఐదు వరుసలై వచ్చింది. జాయిన్ అంటే అంతే, ప్రతి జతకూ ఒక వరుస. వాటిని పర్మిట్ నంబరు ప్రకారం మళ్లీ ఒకటిగా చేర్చాను. ఆమె దానికన్నా పిసరంత వేగంగా వచ్చింది. ఆమెకు చూపించలేదు. పేజీలో పెట్టేసి, పుస్తకంలో ఈసారి 'ఎవరు' దగ్గర నా సంతకం పెద్దగా పెట్టాను.

సోమవారం రెండు గంటలకు ఆమెను కూడా వెంటబెట్టుకుని కంట్రోల్ రూముకు వెళ్లాను. గెలుపు ఆమె చూడాలి కదా. పేజీ టక్కున తెరుచుకుంది. దిగిపోయే ఇన్‌ఛార్జి జేబు పుస్తకం తీశాడు.

"ఆరు వందల పదహారు."

"ఉంది."

"ఆరు వందల పదిహేడు."

"ఉంది."

"ఆరు వందల పద్దెనిమిది."

మా దేవసూగూరు పెద్దమనిషి తెర మీద వేలు పెట్టి కిందికీ పైకీ జరిపాడు. "లేదు."

"లేకపోవడమేంటి? నేనే ఇచ్చాను, అర గంట కాలేదు. బొగ్గు బెల్టు. మనుషులు దాని మీదే ఉన్నారు."

"లేదంటున్న గద."

ఒక ఆపరేటర్ పరుగున స్విచ్చి గదికి పోయి ఫోన్ చేశాడు. ట్యాగు స్విచ్చికి వేలాడుతూనే ఉంది. అప్పుడు నాకు ఊపిరి వచ్చింది, ఊపిరితో పాటు విషయమూ అర్థమైంది. మా ప్లాంటులో ఒక పద్ధతి ఉంది. పర్మిట్ నంబరు వెంటనే ఎక్కిస్తారు, ట్యాగు ముందు స్విచ్చికి కడతారు, ట్యాగుల వివరాలు మాత్రం చాయ్ తాగొచ్చి తీరిగ్గా టైపు చేస్తారు. ఆ కాసేపూ కంప్యూటర్లో పర్మిట్ ఉంటుంది, దానికి ట్యాగులు ఉండవు. నేను రాసిన జాయిన్ రెండు వైపులా జత దొరికిన వరుసలనే తెస్తుంది. జత లేని పర్మిట్‌ను చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. జత ఉన్నా లేకున్నా పర్మిట్లన్నీ ఉంచమని చెప్పే జాయిన్ వేరే ఉంది, నాకు తెలుసు కూడా. తొందరలో రాయలేదు. ఆమె పద్ధతిలో అయితే పర్మిట్లు ముందు విడిగా వస్తాయి. ట్యాగు లేకపోతే ఆ గడి ఖాళీగా ఉంటుంది తప్ప పర్మిట్ మాయం కాదు.

ఇన్‌ఛార్జి నా వైపు తిరిగాడు. "శుక్రారం మంచిగుండె గద. మల్ల ఎవరు ముట్టుకున్నరు?"

నేను మార్చానని ఆమెకు తెలియదు. లేదా అప్పటికే తెలిసిపోయి ఊరుకుంది. "నేనే" అన్నాను.

"సోమారం దాంక అన్న. గియ్యాల సోమారం."

"పది నిమిషాలివ్వండి" అన్నాను. అక్కడి కంప్యూటర్ ముందే కూర్చుని నాది తీసేసి, ఆమె వరుస మళ్లీ పెట్టాను. ఆమె పక్కన నిలబడి మెల్లగా అడిగింది. "ట్యాగు ఎక్కించని పర్మిట్ కూడా ఉంటుందని, దాన్ని మర్చిపోవద్దని మొదటి రోజు మీరే చెప్పారు కదండీ?"

ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగానే అర్థం కాక అడిగింది. నేను చెప్పినదాన్ని ఆమె రాసుకుంది, చెప్పిన నేను మర్చిపోయాను. చెంప పగలగొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

పేజీ తెరుచుకుంది. దిగిపోయే ఇన్‌ఛార్జి మళ్లీ మొదటి నుంచీ చదివాడు. ఆరు వందల పద్దెనిమిది దగ్గర ఆగి తలెత్తాడు.

"ఉంది" అన్నాడు పెద్దమనిషి. తర్వాత ఆమెను చూసి, "బిడ్డా, గీ పేజీ ఇగ నువ్వే సూస్కో" అన్నాడు. రిజిస్టర్ తెప్పించలేదు.

కిందికి వచ్చి మార్పుల పుస్తకం తెరిచాను. 'విభాగం' కొట్టేసి ఆమె పేరు రాశాను. నా సంతకం ఉన్న వరుస కింద 'తప్పు, తీసివేయబడింది' అని రాసి, 'ఎందుకు' అన్న గడి ముందు చాలాసేపు కూర్చున్నాను. చివరికి 'తొందర' అని రాశాను. అది కూడా అబద్ధమే. అక్కడ రాయాల్సిన మాట నాకు తెలుసు, ఇన్నేళ్లకు ఇక్కడ, మొదటి వాక్యంలోనే రాశాను.