పన్నెండు దాటని తారీకులు

పుట్టుకతోనే నేను పిరికిదాన్ని. రోడ్డు దాటాలన్నా పక్కన ఇంకొకరు కదిలేదాకా ఆగుతాను. ఇలాంటి మనిషి పదిమంది డబ్బు తీసుకెళ్ళి మార్కెట్లో పెట్టించే పనిలోకి ఎందుకు వచ్చిందో మా ఇంట్లోవాళ్ళకు ఇప్పటికీ అర్థం కాదు. హనుమకొండలో ఒక జిరాక్స్ షాపు మీద చిన్న గది అద్దెకు తీసుకుని, మ్యూచువల్ ఫండ్ ఏజెంటుగా కూర్చుంటున్నాను. లెక్క తప్పు చేయనన్న ఒక్క ధైర్యమే నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో నాకు బాగా దగ్గరైన మనిషి ఒక అక్క. వరంగల్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం ఆమెది. భర్త పోయాక ఒక్కతే నడుపుతోంది. బిందెలు, గంగాళాలు, పెళ్ళిసామాన్ల సెట్లు. ఆమె చేతిలో నాలుగు రూపాయలు మిగిలేది మాఘం నుంచి వైశాఖం దాకా ముహూర్తాలు ఉన్నప్పుడే. అప్పుడైనా ముందు హోల్‌సేల్ వాళ్ళకు కట్టి, నెల లెక్క చూసుకుని, తొమ్మిదో తారీకుకో పదికో పదకొండుకో నాకు చెక్కు ఇచ్చేది. నెలనెలా ఇంత అని కట్టడం ఆమె వల్ల అయ్యే పని కాదు. రెండు సీజన్లలో అలా ఐదుసార్లు, మొత్తం ఎనిమిది లక్షలు పెట్టింది.

మూడో ఏడు జనవరిలో, ముహూర్తాలు ఇంకా మొదలు కాకముందు, ఒక శనివారం నా గదికి వచ్చింది. ఆమె దుకాణం ఉన్న మడిగె, అంటే ఆ కొట్టు గది, ఆమెది కాదు, పాతికేళ్ళుగా అద్దెకే. ఆ ఓనరు మడిగె అమ్ముతానని, ముందు ఆమెనే అడిగాడట.

"బ్యాంకు లోను తీస్త, ఉన్న బంగారం పెడ్త, నీ కాడ ఉన్నయి తీస్త. అన్నీ కలిపితే వస్తది," అంది. "గని చెల్లె, ఒక్కటి చెప్పు. నా పైసలకు నీ కాడ రూపాయి వడ్డీ దాటుతాందా? దాటితే ఆడ్నే ఉంచుత, కిరాయికే ఉంట. దాటకపోతే తీసి మడిగె కొంట."

రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి పన్నెండు శాతం. బజారులో అందరికీ తెలిసిన కొలత అదే.

ఆ రోజు ఆమె డబ్బు విలువ తొమ్మిది లక్షలు. ఎనిమిది తొమ్మిదయిందంటే ఏడాదికి ఎంత శాతమో నోటితో చెప్పలేం, ఎందుకంటే ఒక్కో చెక్కు ఒక్కో రోజున వచ్చింది. కంప్యూటర్లో ఐఆర్ఆర్ అని ఒక ఫార్ములా ఉంది, కాని అది ప్రతి రెండు వాయిదాల మధ్య దూరం సమానమనుకుని లెక్క కడుతుంది. ఈ అక్కలాంటి వాళ్ళకు ఎక్స్ఐఆర్ఆర్ కావాలి. ఒక వరుసలో డబ్బు, పక్క వరుసలో తారీకులు ఇవ్వాలి. పెట్టిన డబ్బుకు మైనస్ గుర్తు, చివర ఈనాటి విలువ ప్లస్. ఏ రూపాయి ఎన్ని రోజులు పని చేసిందో లెక్కపెట్టి, మొత్తానికి ఏడాదికి ఒక్క రేటు చెబుతుంది.

కొత్తగా కొన్న సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో ఆమె తారీకులన్నీ నోట్‌బుక్కు చూసి కొట్టాను. ఈనాటి తారీకు మాత్రం అదే వేసుకుంది. దాదాపు పదిహేను శాతం వచ్చింది.

"రూపాయి పావలా అక్కా," అన్నాను గర్వంగా. ఇది గడిచిన కాలం మాట, రేపటికి పూచీ లేదని కూడా అన్నాను. అయితే నవ్వుతూ అన్నాను. నవ్వుతూ చెప్పిన జాగ్రత్త ఎవరి చెవికీ ఎక్కదు.

ఆదివారం ఫోన్ చేసింది. "ఓనరుకు వద్దని చెప్పిన. ఈ వారంల ఇంకొకలకు ఇచ్చుకుంటడట. ఇచ్చుకోనీ. నువ్వున్నవ్ గదా, నాకేం ఫికర్!"

మంగళవారం మధ్యాహ్నం పరకాల నుంచి ఒక లెక్చరర్ వచ్చాడు. ఆయన లెక్కా కొత్తగా కొట్టాను. ఆయన ప్రతిసారీ ఇరవై ఐదో తారీకున కట్టేవాడు. ఫార్ములా వేస్తే అంకె రాలేదు, తప్పు అని చూపించింది. మళ్ళీ వేశాను. మళ్ళీ అదే. తేరిపార చూస్తే ఆయన తారీకులన్నీ గడిలో ఎడమవైపు అంటుకుని ఉన్నాయి. తారీకయితే కుడివైపు ఉండాలి. అంటే ల్యాప్‌టాప్ వాటిని తారీకులే అనుకోవడం లేదు, ఉత్త అక్షరాలనుకుంటోంది.

ఎందుకో వెతికితే దొరికింది. ఆ ల్యాప్‌టాప్ సెట్టింగు అమెరికా పద్ధతిలో ఉంది. ముందు నెల, తరవాత రోజు. ఇరవై ఐదో నెల ఉండదు కాబట్టి అది ఒప్పుకోలేదు. సెట్టింగు మార్చి, ఆయన తారీకులు మళ్ళీ కొట్టాను. రేటు వచ్చింది. ఆయన సంతోషంగా చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు వింటుండగానే నోట్‌బుక్కులో అక్క పేజీ తీశాను. అక్క తారీకుల్లో పన్నెండు దాటినది ఒక్కటీ లేదు.

తొమ్మిది, రెండు అని కొట్టాను నేను. ఫిబ్రవరి తొమ్మిది అని నా ఉద్దేశం. అది సెప్టెంబరు రెండు అనుకుంది. మార్చి పదిని అక్టోబరు మూడు చేసింది. మే పదకొండును నవంబరు ఐదు చేసింది. శనివారం గడిలో మాత్రం నేను కొట్టిన అంకెలే కొట్టిన వరసలో కనబడ్డాయి, చూసే కంటికి అనుమానమే రాలేదు. ఒక్క చెక్కు పదమూడున ఇచ్చి ఉన్నా తప్పు బయటపడేది. పైగా ఆమె కట్టేది ఏడాది మొదటి నెలల్లో, రోజులేమో పదికి అటూ ఇటూ. అందుకే తప్పంతా ఒకే వైపుకు పోయింది. ప్రతి చెక్కూ ఆరేడు నెలలు ఆలస్యంగా వచ్చినట్టు లెక్క కట్టింది. తక్కువ రోజుల్లో అంత సంపాదించినట్టు చూపించింది.

ఆమె తారీకులు మళ్ళీ కొట్టాను, ఈసారి నెల పేరు అక్షరాల్లో. తొమ్మిదికి కాస్త తక్కువ వచ్చింది. ముప్పావలా వడ్డీ.

వెంటనే ఫోన్ తీశాను. ఆమె నంబరు దాకా వెళ్ళాను. నొక్కలేదు.

భయం మనిషిని ఎంత తెలివైనదాన్ని చేస్తుందో ఆ రోజు చూశాను. ఆమె డబ్బు ఒక్క రూపాయి కూడా తగ్గలేదు కదా అన్నాను నాతో నేను. తొమ్మిది లక్షలు తొమ్మిది లక్షలే. నేను చెప్పకపోతే ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. చెబితే ఆ బజారంతా తెలుస్తుంది. అక్కడ నాకు పదకొండు మంది ఉన్నారు, అందరూ ఆమె మాట మీద వచ్చినవాళ్ళే. ఆమె ఒక్కసారి పెదవి విరిస్తే నా గదికి తాళం. రేపు మార్కెట్ పెరిగితే ఆ పదిహేను నిజమే కావచ్చు కూడా. ఇలా దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని కూర్చున్నాను.

బుధవారం తలనొప్పి అని గది తెరవలేదు. తలనొప్పి లేదు. ఫోన్ మోగితే ఆమేనేమో అని ఉలిక్కిపడ్డాను. మోగకపోతే ఓనరు ఎవరితో మాట్లాడుతున్నాడో అని భయపడ్డాను. ఆ ఒక్క రోజంతా నాకు రెండు భయాలు. చెప్పాలన్న భయం ఒకటి, చెప్పలేదన్న భయం ఇంకొకటి.

గురువారం పొద్దున్నే లేచి ఆటో ఎక్కాను. రాత్రి నాకేమీ జ్ఞానోదయం కాలేదు. రెండో భయం మొదటిదాన్ని మించిపోయింది, అంతే.

ఆమె అప్పుడే షట్టర్ ఎత్తి గంగాళాలు బయట పేరుస్తోంది. కూర్చోమని స్టూలు వేసింది. చెప్పాల్సింది తలకిందులుగా మొదలుపెట్టాను. తారీకులు, నెలలు, అమెరికా, అన్నీ కలిపేశాను. ఆమె చేతిలో గంగాళం అలాగే పట్టుకుని వింది.

"నా పైసలు తక్కువైనయా?" అంది.

"లేదక్కా. తొమ్మిది లక్షలు అట్లనే ఉన్నయి."

"మరేంది?"

"అవి చాలా రోజులు పని చేసి అంత తెచ్చినయి. నేను తక్కువ రోజులల్ల తెచ్చినయని చెప్పిన. రూపాయి పావలా కాదక్కా. ముప్పావలా."

ఆమె గంగాళం కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది. ఓనరుకే చేసింది. "నమస్తే అన్నా... మడిగె సంగతి..." అని ఆగిపోయింది. తరవాత "అవునా... గట్లనా... మంచిది అన్నా," అని పెట్టేసింది.

"నిన్న పొద్దూకినంక బయానా తీసుకున్నడట," అంది.

అడ్వాన్సు తీసుకున్నాక ఇక మాట వెనక్కి రాదు. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. గోడల వంక, పైదాకా పేర్చిన బిందెల వంక ఒకసారి చూసింది. తరవాత నా వంక చూసి మెల్లగా అడిగింది.

"గిది నీకు ఎన్నడు ఎరుకయింది చెల్లె?"

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. వందసార్లు వేసుకున్న లెక్కలో ఈ ఒక్కటి లేదు.

"ఈ పొద్దుగాలనే అక్కా," అన్నాను.

ఆమె తలూపింది. "ఎరుకయినంకనే ఉరికొచ్చినవ్. ఇంకొకలైతే నోరు మూసుకుందురు. ఏడ్వకు, చాయ్ తాగు," అంది. చాయ్ తెప్పించింది. తాగాను.

జూన్లో కొత్త ఓనరు మడిగె ఖాళీ చేయించాడు. ఇప్పుడామె దుకాణం వెనక గల్లీలో ఉంది, ముందున్న దాంట్లో సగం. పెళ్ళివాళ్ళు వెతుక్కుంటూ అంత లోపలికి రారు. అయినా ముహూర్తాల్లో మిగిలిన దాంతో ఇప్పటికీ నాకే చెక్కు ఇస్తుంది. చెక్కు వెనక పెన్సిల్‌తో నెల పేరు అక్షరాల్లో రాసి తెస్తుంది. "తారీకు సరిగ్గ కొట్టు తల్లీ," అని నవ్వుతుంది. బజారులో ఎవరైనా నా గురించి అడిగితే, తప్పు జరిగిందని తెలిసిన గడియలోనే వచ్చి చెప్పిన మనిషి అని చెబుతుందట. ఆ మాట మీదే నాకు ఇంకో నలుగురు వచ్చారు.

ఆమె మెట్లెక్కుతున్న చప్పుడు వినబడితే ఇప్పటికీ చేస్తున్న పని ఆపేస్తాను. ఆ తప్పు నాకు ఎప్పుడు తెలిసిందో ఈ రోజయినా చెప్పాలనుకుంటాను. ఆమె కూర్చుంటుంది, చెక్కు ఇస్తుంది, వెళ్ళిపోతుంది.

మంగళవారం, అక్కా. మధ్యాహ్నం మూడింటికి.