పాదాలు చూసే విజయమ్మ

యాప్రాల్‌లో మా పక్క వాటాలో ఉండే విజయమ్మ తిరుమలగిరిలోని ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. ఇరవై మూడేళ్లుగా క్యాజువాలిటీలోనే ఉంది. దెబ్బ తగిలినవాళ్లను మంచం మీద పడుకోబెట్టగానే అందరూ చేతికి బీపీ పట్టీ చుట్టడానికి పోతే, ఈమె మాత్రం కాళ్ల దగ్గరికి పోయి పాదాలు పట్టుకుంటుంది. స్ట్రెచర్ తోసే బ్రహ్మచారి అది చూసి, "అక్క కాళ్లు మొక్కింది, ఇగ బతికినట్టే!" అని నవ్వేవాడట.

ఎందుకమ్మా పాదాలు అని అడిగితే ఒకరోజు మెట్ల మీద కూర్చుని చెప్పింది.

"మన బిల్డింగుల ట్యాంకర్ రాకుంటే వాచ్‌మన్ ఏం జేస్తడు? తోటకు బంద్, కార్లు కడిగే కాడ బంద్. ఉన్న నీళ్లు వంటింట్లకే ఇడుస్తడు. ఒళ్లు సుత గంతే. నెత్తురు పోతుంటే చర్మానికి, కాళ్లకు, పేగులకు నరాలు బిగబట్టి తగ్గిస్తది. మెదడుకు, గుండెకు తక్కువ గాకుండ జూస్తది. గందుకే ముందుగాల సల్లబడేది పాదాలే."

డాక్టర్ జ్ఞానశేఖర్‌కు ఆ సంగతి తెలుసు. రోగి రాగానే "విజయమ్మా, పాదాలేమంటున్నాయి?" అని అడిగేవాడు. ఆ ఒక్క ప్రశ్న మీద ఆమె ఇరవై ఒక్కేళ్లు బతికింది.

రెండేళ్ల కిందట యోగిత వచ్చింది. వాళ్లది కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. బీఎస్సీ నర్సింగ్ చదివింది, మాట మెత్తన, చెయ్యి చురుకు. నెల తిరగకముందే డాక్టర్ పిలుపు మారిపోయింది. "యోగితా, నంబర్లేంటి?" అనేవాడు. యోగిత మానిటర్ చూసి బీపీ, పల్స్ గడగడా చెప్పేది.

"ఆ పిల్ల జడ సుత నచ్చేది గాదు నాకు," అంది విజయమ్మ. " సార్ ఆమెకు చాయ్ తాపిస్తే నా చాయ్ చేదయ్యేది. యాభై ఏండ్లదాన్ని, సిగ్గుండాలె గదా? లేకుండె."

ఒకనాడు విజయమ్మ పాదాలు పట్టుకుని ఉంటే డాక్టర్ మాటవరసకు, "అది పాత పద్ధతి విజయమ్మా, ఇప్పుడన్నీ స్క్రీన్ మీదే ఉంటున్నాయి" అన్నాడు. అందరూ నవ్వారు, యోగిత కూడా. విజయమ్మ చేతులు వెనక్కి తీసుకుంది.

ఆ మరుసటి వారమే, మధ్యాహ్నం మూడు గంటలకు తుకారాం వచ్చాడు. మోండా మార్కెట్‌లో కూరగాయలు కొని తిరుమలగిరిలో బండి మీద అమ్ముకునే మనిషి, అరవైకి దగ్గర. ట్రాలీ ఆటో మీది నుంచి టమాటా పెట్టె దించుతూ జారి, తన తోపుడు బండి ఇనుప కమ్మీ మీద ఎడమ పక్క పడ్డాడు. డొక్క మీద అరచెయ్యంత కమిలిన మచ్చ తప్ప బయట రక్తం చుక్క లేదు.

"అరే, నా టమాటలు గొడ్లు తింటయ్! పట్టీ ఏసి తోలియ్యున్రి!" అని తుకారాం గొడవ.

డాక్టర్ పక్క మంచం దగ్గర గుండెనొప్పి మనిషితో సతమతమవుతున్నాడు. అక్కడి నుంచే "నంబర్లు?" అన్నాడు.

"బీపీ నూట పద్దెనిమిది బై తొంభై నాలుగు సార్. పల్స్ ఎనభై ఆరు. స్టేబుల్‌గానే ఉన్నారండీ" అంది యోగిత.

"సరే, పక్కటెముకలకి ఎక్స్‌రే రాయి. పిలిచినప్పుడు పైకి పంపిద్దాం."

విజయమ్మకు దక్కిన పని, తుకారాం చొక్కా విప్పి సామాను సంచిలో వెయ్యడం. చొక్కా జేబులో మాత్రల అట్ట తగిలింది. బీపీకని వేసుకునే మాత్రలే, కానీ గుండె వేగాన్ని అదిమి ఉంచే రకం. సగం ఖాళీ అయింది. తుకారాం పాదాల మీద దుప్పటి కప్పబోతే చెయ్యి తనంతట తానే ఆగిపోయింది. చల్లగా, చెమటగా ఉన్నాయి. కాలి వేలిగోరు నొక్కి వదిలితే, తెల్లబడింది మళ్లీ ఎర్రబడటానికి నాలుగు అంకెలు లెక్కపెట్టాల్సి వచ్చింది.

ఆ క్షణంలో ఆమెకు మొత్తం అర్థమైపోయింది. మనిషి ఒంట్లో ఐదు లీటర్ల దాకా రక్తం ఉంటుంది. ముప్పావు లీటరు పోయినా పైకి ఏమీ తెలియదు. లీటరు దాటుతుంటే గుండె ఉరకలు పెడుతుంది, ఊపిరి వేగమవుతుంది, మనిషి కంగారు పడతాడు, చిరచిరలాడతాడు. బీపీ మాత్రం ఇంకా బాగానే కనబడుతుంది. అయితే రక్తనాళాలు బిగుసుకోవడంతో కింది అంకె పైకి జరిగి, రెండంకెల మధ్య ఎడం తగ్గుతుంది. తుకారాంకు మిగిలింది ఇరవై నాలుగే. గుండె ఉరకవలసిందే, కానీ మాత్ర దాన్ని ఉరకనివ్వడం లేదు. ఎనభై ఆరు అనేది నెమ్మది కాదు, కళ్లెం.

గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది.

"నోరు తెరువబోయిన," అంది విజయమ్మ, "గంతల యోగిత సార్ దిక్కు జూసి నవ్వింది. నేను నోరు మూసుకున్న. మిషన్ ఉన్నది గదా, అదే చెప్పనియ్యి అనుకున్న. ఆ పిల్ల తప్పు చేస్తే సార్ కండ్లతోటి చూడాలె."

మాత్రల అట్ట సంచిలో వేసి ముడి కట్టింది. సంచి మంచం కింద పెట్టి, దూది తుంచుతూ నిలబడింది.

తుకారాం నీళ్లు అడిగాడు. మళ్లీ అడిగాడు. టమాటాల గొడవ మానేశాడు. యోగిత "నొప్పి తగ్గినట్టుందండీ" అని సంతోషించింది. విజయమ్మ చేతిలో దూది పక్కన పడేసింది. గొడవ చేసే మనిషి ఊరుకోవడమంటే నొప్పి తగ్గడం కాదు, మెదడుకు కూడా రక్తం అందకపోవడం.

"పెద్దాయనా, ఏడున్నవ్?" అంది వంగి.

"మోండాల... జెర బేరం తగ్గియ్యమ్మా" అన్నాడు తుకారాం, ఆమెను చూడకుండా.

బ్రహ్మచారి స్ట్రెచర్ తెచ్చాడు. ఎక్స్‌రేకు పిలుపు వచ్చిందట. గడియారం మూడూ ఇరవై ఒకటి.

"పైకి తీస్కపోకు!" విజయమ్మ అరుపుకు క్యాజువాలిటీ అంతా ఆగింది. "సార్, పాదాలు మంచుగడ్డలు! లోపల నెత్తురు పోతున్నది! గుండె మాత్ర మింగుతడు ఈయన, పల్స్ నమ్మకున్రి!"

యోగిత వెంటనే మళ్లీ బీపీ చూసింది. ఎనభై నాలుగు బై అరవై. ఎనభై ఆరున్న పల్స్ ఇప్పటికీ తొంభై ఎనిమిదే. డాక్టర్ పరుగున వచ్చి పొట్ట మీద స్కాన్ పెట్టాడు. ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం దగ్గర నల్లని చార. అది రక్తం.

రెండు చేతులకూ లావు సూదులు యోగితే ఒక్క ప్రయత్నంలో ఎక్కించింది. సెలైన్ కొంచెమే, రక్తం ముందు. ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టదని విజయమ్మ దుప్పట్లు కప్పింది. తుకారాం బతుకు అంచు మీద ఉంది. ఇంకాస్త పోతే ఈ బిగబట్టడాలన్నీ విరిగిపోతాయి. అప్పుడు రక్తం ఎక్కించినా ఒళ్లు అందుకోదు. సర్జన్ వచ్చి చిట్లిన ప్లీహం తీసేశాడు. సాయంత్రానికి తుకారాం పాదాలు వెచ్చబడ్డాయి.

డాక్టర్ అందరి ముందూ విజయమ్మను మెచ్చుకున్నాడు. రెండేళ్లుగా ఆమె ఎదురుచూసిన మెప్పు.

"గొంతు దిగలే తల్లీ," అంది నాతో.

చేతులు కడుక్కునే చోట యోగితతో చెప్పేసింది. "పదకొండు నిమిషాల ముందే తెలుసు నాకు. నీ మీద కుళ్లుతోటి చెప్పలే."

యోగిత కుళాయి కట్టేసింది. "నా మీద కోపముంటే నన్ను తిట్టాల్సిందక్కా. ఆ పెద్దాయనేం చేశారు?"

విజయమ్మ డాక్టర్ దగ్గరికీ పోయి అదే చెప్పింది. ఆయన మెప్పు వెనక్కి తీసుకోలేదు గానీ, నెల రోజులు ఆమెతో పని మాట తప్ప మాట్లాడలేదు. రోగి జేబులో దొరికిన మందు ఏదైనా సంచిలో వేసేముందు గట్టిగా పేరు చదివి చెప్పాలని ఆ రోజు నుంచి అక్కడ నియమం.

నెలన్నరకు తుకారాం సంచెడు టమాటాలతో వచ్చాడు. "ఈ బిడ్డనే నా చెయ్యి పట్టుకున్నది" అని మొత్తం యోగిత చేతిలో పెట్టాడు.

"నాకొక్కటి సుత ఇయ్యలే," అంది విజయమ్మ. నవ్విందా మండిందా నాకు తెలియలేదు.

ఇప్పుడు యోగిత కూడా పాదాలు చూస్తోంది. మొన్న ఎవరో యాక్సిడెంట్ మనిషి వస్తే డాక్టర్, "యోగితా, పాదాలేమంటున్నాయి?" అన్నాడట.

"గప్పుడు కడుపుల ఎట్ల భగ్గుమన్నదో! నా మాట, నా పాదాలు, ఆమెనడుగుతడా!"

"మరేం చేశావమ్మా?"

"ఏం జేస్త? ఆ పిల్ల అరచేయి పెట్టి చూస్తున్నది. అరచేయి ఎప్పుడూ ఎచ్చగుంటది, సల్లదనం దానికి సరిగ తెల్వదు. పోయి, ఆ పిల్ల చెయ్యి తిప్పి, వేళ్ల ఎనకదిక్కు పాదానికి ఆనిచ్చిన. 'గిట్ల జూడవే' అన్న."