పసుపు బోర్డుకు మార్కులు

ఆ వారమంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాను. నోయిడాలో మాది బ్రాండ్ల గురించి సలహాలు చెప్పే చిన్న కంపెనీ. ఒక వ్యాపారం పేరూ, రంగూ, బోర్డూ, అది జనానికిచ్చే మాటా కలిసి చూసేవాళ్ల మనసులో ఏం ముద్ర వేస్తున్నాయో కొలవడం నా పని. ఇదీ ఒక ఉద్యోగమేనా అని మా ఇంట్లో ఇప్పటికీ అడుగుతారు. నిజం చెప్పాలంటే ఆ వారం నాకూ అదే అనుమానం వచ్చింది.

అప్పుడు మా దగ్గరికి వచ్చినాయన కరీంనగర్ మనిషి. ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో మూడు రీడింగ్ రూములు నడుపుతారు. సివిల్స్‌కి చదివే పిల్లలు నెలకింతని కట్టి, రోజంతా ఒక కుర్చీ తమదిగా ఉంచుకుంటారు. పక్క సందులో ఎవరో గాజు తలుపులతో కొత్తది తెరిచాక ఈయన కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే రెండు గదులు మూసేయక తప్పదు. పేరు మార్చండి, రంగు మార్చండి, అంతా కొత్తగా చేసిపెట్టండి అని వచ్చి కూర్చున్నారు.

మా బాస్ అక్కడికక్కడే ఒప్పుకుంది. సాయంత్రానికల్లా డిజైనర్ కొత్త లోగోలు గీయడం మొదలెట్టాడు. నాకేమో స్కోర్‌కార్డ్ అప్పగించారు, మార్చడం ఎందుకు అవసరమో అంకెల్లో చూపించమని. తీర్పు ముందు, విచారణ తర్వాత అన్నమాట. ఒళ్లు మండిపోయింది. అయినా కూర్చున్నాను.

నాలుగు వరుసలు గీశాను. మొదటిది స్పష్టత: కొత్తగా చూసినవాడికి ఇదేమిటో, ఎవరికోసమో వెంటనే తెలుస్తోందా? రెండోది నిలకడ: ప్రతిచోటా ఒకే ముఖం కనబడుతోందా? మూడోది ప్రత్యేకత: పేరు కప్పేసినా గుర్తుపడతారా? నాలుగోది సందర్భశుద్ధి: ఇచ్చిన మాట వచ్చేవాళ్ల అవసరానికి తగులుతోందా? ఒక్కోదానికి ఐదు మార్కులు. ఒకటంటే ఎలా ఉండాలి, మూడంటే ఎలా, ఐదంటే ఎలా అని ముందే రాసిపెట్టాను. లేకపోతే ప్రతివాడూ తనకు నచ్చిందానికి ఐదు వేస్తాడు. అన్నీ సమానం కాదు గనక వందను పంచాను: సందర్భశుద్ధికి ముప్ఫై, స్పష్టతకీ ప్రత్యేకతకీ ఇరవై ఐదు చొప్పున, నిలకడకి ఇరవై.

బాస్, డిజైనర్, నేను మీటింగ్ రూమ్‌లో ఒక్కచోట కూర్చుని, ఆయన పంపిన ఫొటోలూ, బ్రోషరూ తెర మీద చూస్తూ మార్కులు వేశాం. బాస్ ముందు పైకి చెప్పింది. డిజైనర్ తలూపాడు. స్పష్టతకి నాలుగు, నిలకడకి నాలుగు. ప్రత్యేకతకి రెండు, ఎందుకంటే ఆ బోర్డు పసుపును వాళ్లు చూడలేకపోతున్నారట. సందర్భశుద్ధికి నాలుగు. ఐదుకి నాలుగంటే ఇరవై ఐదుకి ఇరవై; అలా లెక్క వేస్తే ఇరవై, పదహారు, పది, ఇరవై నాలుగు, మొత్తం డెబ్భై. రంగు తప్ప తక్కినవన్నీ బాగున్నాయి, రంగు మార్చేద్దాం అంది బాస్. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

నాకు నిద్ర పట్టలేదు. పసుపు అందంగా లేదన్నారు, నిజమే. కానీ ఆ వరుసలో అడిగింది అందం గురించి కాదు కదా! మేం ముగ్గురం అక్కడ చదివే పిల్లల్ని ఒక్కరినైనా అడగకుండా, ఆ సందులో అడుగు పెట్టకుండా, ఏసీలో కూర్చుని మార్కులు వేసేశాం. పొద్దున్నే బాస్‌కి మెసేజ్ పెట్టి మెట్రో ఎక్కేశాను. జవాబు కోసం ఆగలేదు. ఆగితే వద్దంటుందని తెలుసు.

మెట్రో దిగి వచ్చేవాళ్లని ఆపి, ఈ బోర్డు చూస్తే ఏమనిపిస్తోందని అడిగాను. ఎక్కువమంది చదువుకునే చోటన్నారు, కొందరు మాత్రం కోచింగ్ అనుకున్నారు. స్పష్టత నాలుగే. ఆ వీధి బోర్డులన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి, పేర్లు కప్పేసి టీ బండి దగ్గర పిల్లలకి చూపించాను. తక్కినవాటి దగ్గర తడబడ్డారు గానీ, పసుపు రాగానే "వో తో పీలావాలా హై", అది ఆ పసుపువాళ్లది కదా అంటూ పేరు కూడా చెప్పేశారు. ప్రత్యేకత నాలుగు. ఇక మూడు గదులూ తిరిగాను. ఒకచోట బోర్డు పసుపు, ఇంకోచోట నారింజ, మూడోచోట నీలం. ఒకచోట లైబ్రరీ అని ఉంటే, మరోచోట స్టడీ సెంటర్ అని ఉంది. బ్రోషర్‌లో ఉన్నది మొదటి గది ఒక్కటే. నిలకడకి రెండుకి మించి వేయడానికి నాకు చేతులు రాలేదు.

పసుపు బోర్డు మీద పేరు కింద ఒక వాక్యం ఉంది: ఇక్కడ కూర్చున్నవాళ్లు ఆఫీసర్లవుతారు. ఆఫీసులో దాన్ని చూసే సందర్భశుద్ధికి నాలుగు వేశాం. ఇక్కడికే ఎందుకొస్తారని లోపల పిల్లల్ని అడిగితే ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. నిశ్శబ్దం అన్నారు, తన కుర్చీ తనకుంటుందన్నారు, బాత్రూమ్ శుభ్రం అన్నారు. కర్నూలు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె మెట్ల మీద నిలబడి తెలుగులో చెప్పింది.

"మూడోసారి గూడా పోయింది మేడమ్. ఆ మాట కింద నుంచి లోపలికి పోవల్లంటే తల ఎత్తలేను. వచ్చే నెల గాజు తలుపులదానికి పోతాండా. ఆడ ఏమీ రాసిలేదు."

తిరిగొచ్చాక ఈసారి ముగ్గురం విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా, ప్రతి మార్కుకీ పక్కన ఆధారం రాసి వేయాలని పట్టుబట్టాను. బాస్ విసుక్కుంది, కానీ నా నోట్సు చదివాక వేసింది. నేను సందర్భశుద్ధికి రెండు వేస్తే బాస్ కూడా రెండే వేసింది. ముగ్గురివీ కలిపి చూస్తే స్పష్టత నాలుగు, నిలకడ రెండు, ప్రత్యేకత నాలుగు, సందర్భశుద్ధి రెండు. ఇరవై, ఎనిమిది, ఇరవై, పన్నెండు. అరవై. డెబ్భై కాస్తా అరవై అయిందని కాదు నా బాధ. ఏ వరుస పడిపోయిందో అదీ అసలు సంగతి. మార్చాలనుకున్న పసుపే ఆయన్ని నిలబెడుతోంది. ఎవరూ ముట్టుకోని ఆ వాక్యం పిల్లల్ని పంపించేస్తోంది.

శుక్రవారం ఆయన వచ్చారు. నేను గబగబా చెప్పుకుపోయాను. కొత్త లోగోలు పక్కన పెట్టేశామని తెలిసి ఆయన ముఖం చిన్నబోయింది. చివరి వరుస దగ్గర ఆపమన్నారు. ఆ అమ్మాయి మాటలు తెర మీద చదివారు. మళ్లీ చదివారు. బాస్ ఏదో సర్దిచెప్పబోతే చేత్తో వారించారు.

"గా మాట రాసింది నేనే చెల్లె," అన్నారు నాతో. "మొదటి గది అప్పట్ల వేరేటాయనది. అండ్లనే కూసొని చదివిన. అందరికంటె ఎక్కువ ఏండ్లు కూసున్నది నేనే. ఆఫీసర్ కాలే. రెండు మార్కులు గూడ ఎక్కువే ఏసిన్రు."

ఆయన ఫోన్ తీసి మొదటి గదిలో పనిచేసే మనిషికి హిందీలో చెప్పారు. కింది లైన్ మీద పసుపు రంగు కొట్టేయమన్నారు, ఇవాళే. అవతలివాడు ఎందుకని అడిగినట్టున్నాడు.

"పిల్లలు తలెత్తి రావాలె," అన్నారు తెలుగులోనే. వాడికి అర్థం కాదని ఆయనకి తట్టనే లేదు.