డొల్ల గోడకు పట్టు

ముక్తార్ స్క్రూడ్రైవర్‌ను బ్రాకెట్టు స్క్రూ మీద పెట్టి తిప్పాడు. స్క్రూ తిరుగుతోంది కాని బయటికి రావడం లేదు. రెండు వేళ్లతో పట్టి లాగాడు. స్క్రూ, దాని చుట్టూ గోడలో దూర్చిన ప్లాస్టిక్ గిట్టీ, గిట్టీ చుట్టూ నిమ్మకాయలో సగమంత తెల్ల సిమెంటు ముద్ద, రాలిన గోడపూత గిలాబుతో సహా అన్నీ కలిసి అతని అరచేతిలోకి ఊడి వచ్చాయి.

ఆ ముద్దను తిప్పి చూశాడు. ఒక పక్కన వేలిముద్ర ఉంది. అది అతని బొటనవేలిదే. పది నెలల కిందట ఎల్లారెడ్డి ఊళ్లోని ఈ ఇంట్లో ఈ బేసిన్ బిగించింది అతనే.

వెనక గుమ్మంలో ఇంటి కోడలు సాయిలత నిలబడి ఉంది. చంకలో కార్ఖానాకు తీసుకెళ్లాల్సిన బీడీ కట్టల బుట్ట.

"చూసినవా అన్నా, మా అత్త ఎట్ల గుంజి పడేసిందో. సబ్బు నీళ్లల్ల కాలు వెట్టింది, జారింది, బేసిన్ వట్టుకొని వేలాడింది. మణికట్టు ఇరిగింది. బేసిన్ ఊడింది. చెప్తె ఇంటదా?"

"నేను జారలేదు." ముందు గదిలో మంచం మీద నుంచి గంగాబాయి గొంతు వచ్చింది. సాయిలత అత్త, డెబ్బై ఏళ్ల మనిషి. "లేద్దామని చెయ్యి వెట్టిన. గోడనే నన్ను ఇడిసిపెట్టింది."

"నెల సంది ఇదే మాట," అంది సాయిలత. "నువ్వన్న చెప్పు అన్నా. పనోనివి నువ్వు. గోడ ఎక్కడన్న మనిషిని ఇడిసిపెడ్తదా?"

ముక్తార్ ముద్దను పిడికిట్లో మూసుకున్నాడు.

"చూస్త చెల్లె," అన్నాడు.

నిజం దాచే ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని అతనికి కాసేపటి దాకా నమ్మకం కలగలేదు. అత్త ఒక్కతే లోపలికి పోకుండా, చేతులు కడుక్కునే ఆ చిన్న గదికి సాయిలత ఈ నెల రోజులుగా బయటి నుంచి గొళ్లెం పెడుతోంది. పనివాడు వచ్చాడు కనుక ఈ రోజు మాత్రం తెరిచి ఉంది. కోడలు కార్ఖానాకు పోయి వచ్చే దాకా గంగాబాయి మంచం దిగకూడదు. ఆకు కత్తిరించి, తంబాకు చుట్టి, దారం కట్టి నలభై ఏళ్లు గడిపిన వేళ్లు ఇప్పుడు దుప్పటి అంచును చుట్టుకుంటూ ఉన్నాయి.

సాయిలత వెళ్లాక ముక్తార్ గోడ మీద వేలి కణుపుతో కొట్టాడు. టక్, టక్, ఆ తర్వాత డబ్. మళ్లీ టక్, మళ్లీ డబ్. లోపల రెండేసి గుల్ల గదులున్న సిమెంటు బ్రిక్కులతో కట్టిన గోడ. బయటి పెంకు బొటనవేలంత మందం. దాని వెనక ఏమీ లేదు.

బేసిన్ బిగించిన రోజే అతని చేతికి తెలిసింది. డ్రిల్లు బరబరా రెండు క్షణాలు కొరికి, దబుక్కున లోపలికి పడిపోయింది. నిండు ఇటుకలో అట్లా పడదు. డ్రిల్లుకు సుత్తిలా దెబ్బ కొట్టే మీట వేసి ఉండటంతో పెంకు లోపలి వైపు ఇంకా పగిలింది. గిట్టీ దూర్చితే వట్టిగా తిరిగింది. అప్పుడతను పాత ఇండ్లలో ముప్పై ఏళ్లుగా చేస్తున్నదే చేశాడు: చెక్క పుల్ల ఒకటి పక్కన దూర్చి, తెల్ల సిమెంటు కలిపి బొటనవేలితో కుక్కాడు. ఎర్ర ఇటుక గోడలో అది రాయిలా పడుతుంది. ఇక్కడ పట్టుకోవడానికి దాని వెనక ఏమీ లేదు. ముద్ద గాలిలో ఆరి, పెంకు అంచున వేలాడింది. వట్టి బేసిన్‌ను మోసింది. ముసలామె మోకాళ్ల మీద నుంచి లేస్తూ చెయ్యి పెట్టే దాకా మోసింది.

ముక్తార్‌కు ఎవరూ పని నేర్పలేదు. పదిహేనేళ్ల వయసులో ఇంటి చేతిపంపు విప్పి, మళ్లీ బిగించలేక తండ్రి చేత తన్నులు తిని, మూడు రోజుల్లో బిగించాడు. ఆ తర్వాత బోరు పైపులు, ఆ తర్వాత రెండేళ్లు సౌదీ దమ్మామ్‌లో పెద్ద బిల్డింగులు. ఎక్కడా ఎక్కువ మాట్లాడలేదు. పని మాట్లాడుతుందని అతని నమ్మకం. ఇప్పుడు అతని పని ఏం మాట్లాడిందో అది అరచేతిలో ఉంది.

"దొరికిందా?" మంచం మీద నుంచి గంగాబాయి అడిగింది.

"ఏంది అవ్వా?"

"నువ్వు దేవులాడేది."

ముక్తార్ ముద్దను పనిముట్ల సంచి జేబులో వేసుకున్నాడు.

ఆ రాత్రి అన్నం తింటుంటే భార్య సఫూరా అతని ముఖం చూసి అడిగింది. జరిగింది చెప్పాడు.

"చెప్తే ఏమైతది?" అంది.

"ఎల్లారెడ్డిల ముక్తార్ కట్టిన బేసిన్ ఊడి ముసలామె చెయ్యి ఇరిగిందంటరు. ఇగ పని ఎవరిస్తరు?"

"చెప్పకపోతే ఆమె మంచం మీదనే ఉంటది," అంది సఫూరా. కంచం తీసుకుపోయింది.

మర్నాడు బస్సెక్కి కామారెడ్డి పోయి మరలున్న ఇనుప కడ్డీలు, మందపాటి వాషర్లు, జానెడు పొడవు ఇనుప పట్టీలు, ముప్పావు అంగుళం పైపు ముక్క తెచ్చాడు. బోల్టును గోడ అవతలి దాకా తీసి అటు పక్క ఇనుప బిళ్ల వేసి బిగిస్తే అన్నిటికంటే సులువు. కాని పక్కింటివాళ్ల గోడ ఈ గోడకు ఆనుకుని ఉంది. పానా కాదు కదా, బ్లేడు దూరే సందు లేదు. గోడ ఇటు నుంచే, లోపలి నుంచే పట్టుకోవాలి.

బ్రాకెట్లు వచ్చే చోట రెండు చిన్న కిటికీలు గీశాడు. మిషనుతో గీత కోసి, ఉలితో మెల్లగా పెంకు తీశాడు. కిటికీని లోపలి గుల్ల కంటే చిన్నగానే ఉంచాడు. రేపు లోపల గట్టిపడే ముద్ద ఆ నోట్లోంచి బయటికి రాలేకపోవాలి. చెయ్యి పెట్టి చూశాడు. గుల్ల కింది బ్రిక్కులోకి, దాని కింది దానిలోకి బావిలా దిగిపోతోంది. కంక్రీటు పోస్తే అంతా పునాది దాకా జారిపోతుంది. ఖాళీ సిమెంటు సంచిని ముక్కలు చేసి ఉండ చుట్టి, కిటికీకి బెత్తెడు కింద గట్టిగా బిరడాలా కుక్కాడు. లోపలంతా నీళ్లు చల్లాడు. పొడి గోడ కంక్రీటులో నీళ్లు తాగేస్తే అది పొడిపొడిగా రాలిపోతుంది.

ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, మూడు పాళ్లు సన్న కంకర. చేత్తో ముద్ద కడితే నిలిచేంత తడి. కడ్డీల లోపలి కొసలను వంచి, బ్రాకెట్టు రంధ్రాలకు సరిపడా పట్టీకి దూర్చి గుల్లలో నిలబెట్టాడు. కొంచెం కొంచెం వేస్తూ, సన్న కడ్డీతో పొడుస్తూ, మూల మూలకూ నింపాడు. పక్కన చేతిపట్టుగా పెట్టే పైపు కడ్డీ కోసం ఇంకో రెండు చోట్ల అట్లాగే చేశాడు. పింగాణీ బేసిన్ మనిషిని మోయడానికి చేసింది కాదు. మనిషి పట్టుకోవడానికి వేరే ఉండాలి. ఇది ఎవరూ అడిగిన పని కాదు.

"ఎన్ని దినాలు?" సాయిలత అడిగింది.

"పది దినాలు ముట్టొద్దు. పొద్దు మాపు తడపాలె. నేనే వస్త."

"మేము తడుపమా?"

"నేనే వస్త చెల్లె."

వచ్చాడు. పొద్దున పనికి పోతూ ఒకసారి, సాయంత్రం తిరిగి వస్తూ ఒకసారి. తడి గోనెపట్టా ఎత్తి, నీళ్లు చల్లి, మళ్లీ కప్పేవాడు. వచ్చిన ప్రతిసారీ ఆ గొళ్లెం తీయాలి, పోయేటప్పుడు పెట్టాలి. మొదటి రోజు సాయిలత పెట్టింది. రెండో రోజు ఆమె లేదు, అతనే పెట్టాడు. గొళ్లెం చప్పుడుకు గంగాబాయి తల తిప్పి చూసింది. ఆ తర్వాత ప్రతి రోజూ ఆ చూపు అతని మెడ మీద ఉండేది. నాలుగో రోజు చెప్పేద్దామని మంచం దాకా పోయాడు.

"అవ్వా."

"ఆఁ."

"చెయ్యి నొస్తుందా?"

"చెయ్యి నొయ్యదు బిడ్డ. అబద్ధమాడుతున్నదనే మాటనే నొస్తది."

అతను గోడ తడపడానికి పోయాడు. దాన్ని అప్పటికే తడిపి వచ్చాడు.

పదకొండో రోజు బ్రాకెట్లు, పైపు కడ్డీ ఎక్కించి, పట్టీలు, వాషర్లు వేసి పానాతో బిగించాడు. బేసిన్ పెట్టలేదు. రెండు ఇసుక బస్తాలు మోసుకొచ్చి బ్రాకెట్లకు వేలాడదీశాడు. బ్రాకెట్టు పై అంచు వెంట గోడ మీద పెన్సిలుతో సన్న గీత గీశాడు. మర్నాడు మధ్యాహ్నం వచ్చి చూస్తే అంచు, గీత ఒక్క చోటే ఉన్నాయి. వెంట్రుక దూరే తేడా లేదు. పైపు కడ్డీ పట్టుకుని రెండు కాళ్లూ నేల మీంచి ఎత్తి ఊగాడు.

"కోతి తీర్గ ఊగుతున్నవేంది?" అంది గంగాబాయి.

బేసిన్ ఎక్కించి లెవలు చూశాడు. నీళ్ల పైపు కలిపాడు, కింది పైపు బిగించాడు, గోడకూ బేసిన్‌కూ మధ్య సందు మూశాడు. నల్లా తిప్పి, కింద కాగితం పరిచి, చుక్క పడటం లేదని చూశాడు. పనిముట్లు తుడిచి సంచిలో పెట్టాడు. ఇక పోవచ్చు. సాయిలత కార్ఖానా నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మంచిగ జేసినవ్ అన్నా. ఇగ ఈమె జర సూసి నడిస్తె సాలు."

ముక్తార్ సంచి జేబులో చెయ్యి పెట్టాడు. ముద్ద తీసి గంగాబాయి మంచం మీద, ఆమెకు అందే చోట పెట్టాడు.

"చెల్లె, నువ్వొక మాట అడిగినవ్. గోడ ఇడిసిపెడ్తదా అని. ఇడిసిపెడ్తది. లోపట డొల్ల. నేను డ్రిల్లు వెట్టిన్నాడే చేతికి తెలిసింది. గిది కుక్కి పోయిన. అవ్వ జారలేదు."

సాయిలత ముద్దను చూసింది, అతన్ని చూసింది.

"నెలన్నర సంది నేను ఈమెను తిట్టిన," అంది. "నువ్వు పన్నెండు దినాలు వచ్చి పోయినవ్."

"అవు."

"ఇన్ని దినాలు నోట్లె ఏం వెట్టుకున్నవ్?"

ముక్తార్ తిట్టనీ అని నిలబడ్డాడు. కాని గంగాబాయి ముద్దను ఎడమ చేత్తో ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. వేలిముద్ర మీద తన బొటనవేలు పెట్టి చూసింది.

"నీ వేలు లావుంది," అంది. దాన్ని మంచం పక్కనున్న తన పాత బీడీల చాటలో, కత్తెర పక్కన పెట్టుకుంది. "నా కొడుకు కామారెడ్డిల పని నుంచి ఇంటికి రానీ. సూపిస్త."

ఆమె లేచి, గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ చిన్న గదిలోకి పోయింది. సాయిలత వెనకే పోబోయి ఆగింది. ముసలామె పైపు కడ్డీ పట్టుకుని గట్టిగా ఒకసారి గుంజింది. మళ్లీ గుంజింది. నల్లా తిప్పి, రెండు చేతులూ చాలాసేపు కడుక్కుంది.

"ముక్తారూ."

"చెప్పు అవ్వా."

"ఇంకొక పని మిగిలింది." తడి చేత్తో తలుపు బయటి గొళ్లెం చూపించింది.

అతను సాయిలత వైపు చూశాడు. ఆమె బీడీల బుట్ట కింద పెట్టి, ముఖం తిప్పుకుని, తల ఊపింది. ముక్తార్ సంచి విప్పి స్క్రూడ్రైవర్ తీశాడు. ఆ తలుపు మంచి టేకుది. నాలుగు స్క్రూలూ బిగువుగా, ఒక్కొక్కటి మొరాయిస్తూ వచ్చాయి. గొళ్లెం, నాలుగు స్క్రూలు గంగాబాయి అరచేతిలో పోసి, సంచి భుజాన వేసుకున్నాడు.