వణకని చెయ్యి

ఆ ఆదివారం పొద్దున్న ఫోన్ మోగేసరికి నేను బందరు బస్టాండులో పెడన బస్సు కోసం నిలబడి ఉన్నాను. విజయవాడ నుంచి కిడ్నీ డాక్టర్ గారు. నా ఎడమ కిడ్నీ తీసి మా తమ్ముడికి పెట్టిన దగ్గర్నుంచీ, అంటే పద్నాలుగు నెలలుగా, వాణ్ణి చూస్తున్నది ఆయనే. వాడు ఫోనెత్తడు కాబట్టి నా నంబరే ఇచ్చాం.

"రిపోర్టులు చూశానమ్మా. క్రియాటినిన్ ఒకటి పాయింట్ రెండు ఉండేది, ఒకటి పాయింట్ తొమ్మిదికి పోయింది. టాక్రోలిమస్ లెవెల్ పద్నాలుగు, ఎనిమిది దాటకూడదు. మందు ఎక్కువై కిడ్నీని దెబ్బ తీస్తున్నట్టుంది. సాయంత్రం నుంచి డోసు సగం చెయ్యండి, వారంలో మళ్ళీ రక్తం చూద్దాం," అన్నారు.

సరేనండీ అన్నాను. బస్సెక్కాను.

ఈ టాక్రోలిమస్ సంగతి మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. పన్నెండు గంటలకొకసారి వేసుకోవాలి. లోపల ఉన్నది పరాయి కిడ్నీ అని ఒంట్లోని రక్షణ బలగం దాని మీద పడకుండా ఆపేది ఆ మందే. తక్కువైతే ఒళ్ళు కిడ్నీని తిప్పికొడుతుంది. ఎక్కువైతే మందే కిడ్నీని కాల్చుకుతింటుంది. ఎటు తప్పినా కిడ్నీ దెబ్బతిని రక్తంలో క్రియాటినిన్ పెరుగుతుంది. ఏ వైపు తప్పిందో తెలియాలంటే రక్తంలో మందు ఎంతుందో చూడాలి. ఇంకో మందు మైకోఫినోలేట్ ఉంది కానీ, మొదటి చలికాలంలోనే అది వాడికి విరేచనాలు పట్టించి, తెల్ల కణాలను పడగొట్టింది. డాక్టర్ గారు దాన్ని సగానికి తగ్గించేశారు. అప్పట్నుంచీ భారమంతా టాక్రోలిమస్ మీదే.

మా వాడు పెడనలో కలంకారీ అద్దకం పనివాడు. మరదలు, తన చెల్లెలి పురుడని రెండు నెలలుగా చల్లపల్లిలో ఉంది. ఇంట్లో వాడొక్కడే. నేను వెళ్ళేసరికి షెడ్డులో పొడుగు బల్ల మీద దుప్పటి పరుచుకుని, నల్ల గీతల అచ్చు వేసేసి, ఎర్ర రంగు అచ్చు వేస్తున్నాడు. ఈ రెండోదే కష్టం. నల్ల గీత లోపల ఎరుపు సరిగ్గా కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగినా పువ్వు రెండు పువ్వుల్లా కనపడుతుంది, దుప్పటి పనికిరాదు.

గుమ్మంలో నిలబడి చూశాను. అచ్చును రంగులో అద్దాడు, ఎత్తాడు, గాల్లో ఒక్క క్షణం ఆపాడు, దించాడు, పిడికిలితో వెనక కొట్టాడు. ఎరుపు గీత లోపల చక్కగా కూర్చుంది. ఇంకోటి. ఇంకోటి. అబ్బ, ఆపరేషన్‌కి ముందు ఎలా వేసేవాడో అలాగే!

మురిసిపోయాను. ఆ మురిపెం ఎంతసేపో లేదు.

టాక్రోలిమస్ మొదలుపెట్టిన దగ్గర్నుంచీ వాడి చేతులు వణుకుతాయి. అది ఆ మందు లక్షణం. మాత్ర వేసుకున్న గంటా రెండు గంటలకి మరీ ఎక్కువ, కాఫీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటాడు. ఎనిమిదింటికి వేసుకుంటాడు. అప్పుడు టైము పదిన్నర. లెవెల్ పద్నాలుగున్న మనిషి చెయ్యి గాల్లో అలా నిలబడదు.

"ఏరా, పొద్దున మాత్రలు వేసుకున్నావా?"

"ఆఁ, వేసుకున్నానక్కా."

"ఏదీ, డబ్బా పట్రా."

కదల్లేదు. నేనే లోపలికి వెళ్ళి బీరువా మీది డబ్బా దించాను. ఈ వారంతో అయిపోవాల్సిన టాక్రోలిమస్ స్ట్రిప్పులు సగానికి సగం అలాగే ఉన్నాయి.

"ఏంట్రా ఇది?"

"అద్దకం ఉన్న రోజుల్లో పొద్దుటిది మానేస్తున్నా. రాత్రిది వేసుకుంటున్నాగా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెలన్నర. పెళ్ళిళ్ళ ఆర్డరుందక్కా. అంతకుముందు వేసినవి పదింటికి నాలుగు జరిగిపోయి తిరిగొచ్చాయి."

"మరి రిపోర్టులో పద్నాలుగెలా వచ్చిందిరా?"

తల దించుకున్నాడు. రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు బుద్ధిగా రెండు పూటలా వేసుకున్నాడట. ఆ రోజు పొద్దున గుడివాడ ల్యాబుకి బయల్దేరే ముందు కూడా వేసుకున్నాడట. ఆ పూట మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోవాలని వాడికి వందసార్లు చెప్పాం. "లెవెల్ తక్కువొస్తే తిడతారని," అన్నాడు. పరీక్షలో మార్కులనుకున్నాడు వెధవ. మందు రక్తంలో ఉరకలేస్తున్నప్పుడు తీసిన లెక్క అది! దాన్ని నమ్మి, అసలే చాలని మందును ఆ సాయంత్రం నుంచి మేం సగం చెయ్యబోతున్నాం.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! అది నా కిడ్నీరా! నా కడుపు కోసి ఇచ్చాను నీకు!"

నలభై ఏళ్ళ వయసులో నేనా మాట అనకుండా ఉండాల్సింది. ఇచ్చాక ఒక్కనాడూ అనలేదు. వాడు రంగు చేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"కిడ్నీ నీదే అక్కా. చెయ్యి నాది. ఇది పోతే నేనేం చెయ్యను?"

ఫోన్ తీశాను. వాడు నా మణికట్టు పట్టుకున్నాడు. "డాక్టర్ గారికి చెప్పకక్కా. ఇవాళ్టి నుంచి సరిగ్గా వేసుకుంటా. ఒట్టు." చెయ్యి విదిలించుకుని బయటికొచ్చి అంతా చెప్పేశాను.

"డోసు తగ్గించొద్దు. పొద్దుటిది ఇప్పుడు వెయ్యండి, రాత్రిది టైముకి వెయ్యండి. రెట్టింపు మాత్రం వద్దు. వెంటనే బయల్దేరి రండి," అన్నారు. తమ్ముడు నా ఎదుటే మాత్ర మింగాడు. రంగు పళ్ళెం మీద గుడ్డ కప్పి, నేను పిలిపించిన అద్దె కారెక్కాడు.

మర్నాడు సూదితో కిడ్నీలోంచి ముక్క తీశారు. ఆ ముక్క ఏం చెప్తుందో అని వార్డు బయట బెంచీ మీద కూర్చుని, నా ఎడమ పక్క మచ్చ మీద చెయ్యి వేసుకుని, ఎవర్నని కాదు, అందర్నీ తిట్టుకున్నాను. మందు దెబ్బ కాదని తేలింది. ఒళ్ళు కిడ్నీ మీద పడింది. మూడు రోజులు సెలైన్లో స్టెరాయిడ్ ఎక్కించారు. రెండు దాటిన క్రియాటినిన్ మెల్లగా దిగింది. ఒకటిన్నర దగ్గర ఆగిపోయింది. ఇక ఒకటి పాయింట్ రెండుకి రాకపోవచ్చన్నారు.

ఇంటికి పంపే రోజు డాక్టర్ గారు మంచం పక్కన కూర్చున్నారు. తమ్ముడి చేతులు దుప్పటి మీద గజగజ వణుకుతున్నాయి.

"ఇంత వణుకుందని ముందే చెప్పి ఉంటే, రోజుకొక్కసారి వేసుకునే రకానికి మార్చి చూసేవాణ్ణి కదయ్యా. అందులో మందు ఒక్కసారిగా ఎగదన్నదు, కొందరికి వణుకు తగ్గుతుంది. ఎందుకు చెప్పలేదు?"

"మర్చిపోయానండీ," అన్నాడు వాడు, నా వైపు చూడకుండా.

వాడు మర్చిపోలేదు. ఉగాది ముందు చెకప్‌లో, "చెయ్యి, డాక్టర్ గారూ..." అని మొదలుపెట్టాడు. నేనే మధ్యలో అడ్డుపడి, "ఊరుకోరా, ప్రాణం నిలబడింది, అది చాలదూ! ఆయన టైము పాడు చెయ్యకు," అని నోరు మూయించాను. కిడ్నీ ఇచ్చినదాన్ని కదా, వాడు మారు మాట్లాడలేదు.

"మర్చిపోలేదండీ," అన్నాను. "నేనే చెప్పనివ్వలేదు."